రెండుసార్లు వెళ్లిన రీఫండు: ఒకటి వెనక్కి అడిగే మెసేజ్‌లో ఏముండాలి

ఇంటి నుంచి చీరలు, పచ్చళ్లు, పిల్లల బట్టలు అమ్మేవాళ్లకు ఈ ఇబ్బంది ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. కస్టమర్‌కు రీఫండు పంపుతారు, అది రెండుసార్లు వెళ్లిపోతుంది. ఒకటి వెనక్కి అడగాలి. అడగడానికి మొహమాటం ఒకటైతే, అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. "మీకు పొరపాటున డబ్బులు వచ్చాయి, వెనక్కి పంపండి" అనే మాట ఇప్పుడు సైబర్ మోసగాళ్ల మొదటి వాక్యం. నిజాయితీగా అడిగే చిన్న వ్యాపారి, మోసగాడు ఒకే మాటతో మొదలుపెడుతున్నారు. కస్టమర్‌కు తేడా ఎలా తెలియాలి?

మనం ఎంత మర్యాదగా రాశామన్నదాన్ని బట్టి తెలియదు. మోసగాళ్లు మనకంటే మర్యాదగా రాస్తారు. మనల్ని నమ్మాల్సిన పని లేకుండా, కస్టమర్ తన బ్యాంకు స్టేట్‌మెంటు తెరిచి తానే సరిచూసుకునేలా రాస్తేనే తెలుస్తుంది. అలా రాయాలంటే ముందు డబ్బు రెండుసార్లు ఎలా వెళ్లిందో వ్యాపారికి పక్కాగా తెలియాలి. చాలామంది ఇది చూసుకోకుండానే మెసేజ్ కొట్టేస్తారు.

రెండుసార్లు ఎలా వెళ్తుంది

ఒక ఉదాహరణ తీసుకుందాం. మంగళగిరిలో ఒకావిడ ఇంటి నుంచే చేనేత చీరలు అమ్ముతారు. హైదరాబాద్ కస్టమర్ ఒకరు 2,350 రూపాయలకు చీర తీసుకున్నారు. అంచు రంగు ఫొటోలో ఉన్నట్టు లేదని వెనక్కి పంపారు. చీర చేరింది, చూసుకున్నారు, బాగుంది. మంగళవారం సాయంత్రం 7:42కి కస్టమర్ ఫోన్ నంబరుకు యూపీఐలో 2,350 పంపారు. తెరమీద పసుపు గుర్తుతో Pending అని పడింది. అటు నుంచి "ఇంకా రాలేదండీ" అని మెసేజ్. పది నిమిషాలు చూసి, "వేరే యూపీఐ ఐడీ ఏమైనా ఉందా మేడం?" అని అడిగారు. కస్టమర్ తన భర్త క్యూఆర్ పంపారు. 7:56కి దానికి మళ్లీ 2,350 పంపితే వెంటనే వెళ్లింది. రాత్రి పదకొండింటికి యాప్ తెరిచి చూస్తే మొదటిది కూడా పచ్చగా మారి ఉంది.

అసలు గొడవంతా ఆ పసుపు గుర్తులో ఉంది. Pending అంటే విఫలమైందని కాదు. యూపీఐలో ముందు పంపేవాళ్ల బ్యాంకులో సొమ్ము కట్ అవుతుంది. తర్వాత యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ద్వారా అవతలి బ్యాంకుకు "ఇంత జమ చేయి" అని కబురు వెళ్తుంది. జమ చేశానని ఆ బ్యాంకు జవాబివ్వాలి. ఆ జవాబు సమయానికి రాకపోతే, డబ్బు చేరిందో లేదో మన యాప్‌కు తెలియదు. తెలియదు కాబట్టే పసుపు రంగు. తర్వాత బ్యాంకులు లెక్కలు సరిచూసుకున్నప్పుడు ఆ సొమ్ము అటైనా జమ పడుతుంది, ఇటైనా తిరిగొస్తుంది. ఈలోపు మనం మళ్లీ పంపితే యూపీఐకి అది కొత్త లావాదేవీ. కొత్త నంబరు, కొత్త లెక్క. పాతదానికి బదులుగా పంపామని దానికి తెలియదు. మన ఉదాహరణలోలా వేరే ఐడీకి పంపినప్పుడు "ఇప్పుడే పంపారు కదా" అని యాప్ అనుమానించే అవకాశం కూడా ఉండదు.

పేమెంటు గేట్‌వే ద్వారా డబ్బు తీసుకునేవాళ్ల దగ్గర ఇదే పొరపాటు ఇంకో రూపంలో జరుగుతుంది. డ్యాష్‌బోర్డులో రీఫండు నొక్కుతారు. అది కస్టమర్ ఖాతాకు చేరడానికి కొన్ని పనిదినాలు పడుతుంది. మూడో రోజున "ఏమైందండీ నా డబ్బులు" అని ఫోన్ వస్తే తట్టుకోలేక సొంత ఫోన్ నుంచి యూపీఐ చేసేస్తారు. వారం తిరిగేసరికి రెండూ చేరి ఉంటాయి.

మెసేజ్ రాయడానికి ముందు ఒక్క రోజు

యాప్‌లో రెండూ పచ్చగా కనిపించిన వెంటనే అడగడం తప్పు. కనీసం మరుసటి రోజు సాయంత్రం దాకా ఆగాలి. దీని వెనక ఒక నిబంధన ఉంది. ఖాతాలో సొమ్ము కట్టయి అవతలివాళ్లకు జమ కాకపోతే, వ్యక్తి నుంచి వ్యక్తికి పంపిన యూపీఐ బదిలీని లావాదేవీ జరిగిన మరుసటి రోజుకల్లా బ్యాంకు దానంతటదే వెనక్కి వేయాలి. ఆలస్యమైతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ఇది. అంటే యాప్‌లో ఏ రంగు కనిపించినా, మంగళవారం నాటి పెండింగు వ్యవహారం బుధవారానికి ఏదో ఒకవైపు తేలాలి.

తేలకముందే అడిగితే ఏమవుతుంది? పాపం మంచి కస్టమర్ మంగళవారం రాత్రే 2,350 వెనక్కి పంపేస్తారు. బుధవారం పొద్దున మొదటి బదిలీ కూడా వ్యాపారి ఖాతాకే తిరిగొచ్చిందనుకోండి. ఇప్పుడు వ్యాపారి దగ్గర కస్టమర్ డబ్బు ఉంటుంది, వెనక్కి ఇవ్వాల్సిన వంతు వ్యాపారిది అవుతుంది. ఆ బదిలీ కూడా పెండింగులో పడితే ఇక ఎవరి లెక్క ఎవరికీ అర్థం కాదు.

అందుకని బుధవారం సాయంత్రం యాప్‌ను పక్కనపెట్టి బ్యాంకు స్టేట్‌మెంటు తెరవాలి. అందులో రెండు డెబిట్లు కనిపించాలి. ఆ తర్వాత అదే 2,350 జమగా తిరిగొచ్చిన ఎంట్రీ ఏదీ ఉండకూడదు. రెండు డెబిట్లకూ ఒక్కోదానికి పన్నెండంకెల నంబరు ఉంటుంది. ఆ రెండు నంబర్లనూ రాసిపెట్టుకోవాలి.

పన్నెండంకెల నంబరే ఎందుకు

ఒక యూపీఐ బదిలీకి చాలా నంబర్లు ఉంటాయి. యాప్ సొంతంగా ఇచ్చుకునే లావాదేవీ నంబరు ఒకటి. ఫోన్‌పేలో టీ అక్షరంతో మొదలయ్యే పొడుగాటి నంబరు అలాంటిదే. అది ఆ యాప్ లోపలి వ్యవహారం. వేరే యాప్ వాడే కస్టమర్‌కు దాన్ని పంపితే ఎక్కడ వెతకాలో తెలియదు, వెతికినా దొరకదు. పంపినవాళ్ల బ్యాంకులోనూ అందుకున్నవాళ్ల బ్యాంకులోనూ ఒకేలా ఉండేది పన్నెండంకెల రిఫరెన్సు నంబరు. ఫోన్‌పేలో UTR అని, గూగుల్ పేలో UPI transaction ID అని, పేటీఎంలో UPI Ref No అని కనిపించేది అదే. చాలా బ్యాంకుల స్టేట్‌మెంట్లలో కస్టమర్ వైపు అది ఇలా ఉంటుంది:

```
UPI/CR/616012304471/...
```

మధ్యలో ఉన్న CR అంటే జమ. ఇదే ఎంట్రీ వ్యాపారి స్టేట్‌మెంటులో DR అని ఉంటుంది, అంకెలు మాత్రం అవే. స్క్రీన్‌షాట్ పంపితే చాలదా అంటారు. చాలదు. పేమెంటు అయినట్టు దొంగ స్క్రీన్‌షాట్ తయారు చేసే యాప్‌లు ఉన్నాయని అందరికీ తెలుసు. కానీ కస్టమర్ బ్యాంకు స్టేట్‌మెంటులో ఒక నంబరును బయటివాళ్లు పుట్టించలేరు. వ్యాపారి ఇచ్చిన అంకెలు అక్కడ దొరికితే డబ్బు వచ్చినట్టే, దొరక్కపోతే రానట్టే. వాదన అక్కర్లేదు. స్క్రీన్‌షాట్ కూడా పెట్టాలనిపిస్తే పెట్టండి, కానీ అందులో మీ బ్యాలెన్సు, పక్కన వేరే కస్టమర్ల పేర్లు కనిపించకుండా కత్తిరించండి.

"నాకు ఒకటే వచ్చిందండీ"

ఎక్కువ గొడవలు ఈ జవాబు దగ్గరే మొదలవుతాయి. వ్యాపారికి ఒళ్లు మండుతుంది, కస్టమర్ అబద్ధమాడుతున్నారనిపిస్తుంది. చాలాసార్లు కస్టమర్ చెప్పేది ఆవిడకు తెలిసినంతలో నిజమే.

మన ఉదాహరణే చూడండి. మొదటి 2,350 ఫోన్ నంబరుకు వెళ్లింది. ఆ నంబరుకు ముడిపడిన ఖాతా కస్టమర్‌ది. రెండోది భర్త క్యూఆర్‌కు వెళ్లింది, అది ఆయన ఖాతా. ఆవిడ ఫోన్‌లో ఒక జమే కనిపిస్తుంది, ఆయన ఫోన్‌లో ఇంకో జమ. ఆయనకు "చీర డబ్బులు నీకు పంపమన్నా" అని ఆవిడ చెప్పి ఉంటారు, ఆయన "వచ్చాయి" అని ఉంటారు. అంతటితో వాళ్లింట్లో లెక్క ముగిసింది. రాత్రి ఆలస్యంగా తన ఖాతాలో పడిన మొదటి దాన్ని ఆవిడ చూసుకుని ఉండకపోవచ్చు.

ఒకే మనిషికి రెండు ఖాతాలున్నా ఇదే జరుగుతుంది. ఫోన్ నంబరుకు పంపితే ఒక బ్యాంకులో, పాత యూపీఐ ఐడీకి పంపితే ఇంకో బ్యాంకులో పడొచ్చు. పైగా ఒక యాప్ హిస్టరీలో ఆ యాప్ ఐడీకి వచ్చినవే కనిపిస్తాయి, ఇంకో యాప్ ఐడీకి వచ్చినవి కనిపించకపోవచ్చు. అందుకే "మీ ఫోన్‌పేలో చూడండి" అని రాయకూడదు. "బ్యాంకు స్టేట్‌మెంటులో చూడండి" అని రాయాలి. ఏ సొమ్ము ఏ ఐడీకి వెళ్లిందో, తెరమీద ఏ పేరు చూపించిందో కూడా రాయాలి. పేరు విషయంలో ఇప్పుడొక వెసులుబాటు వచ్చింది. ఎన్‌పీసీఐ 2025లో మార్చిన నిబంధన ప్రకారం డబ్బు పంపేటప్పుడు యాప్‌లు చూపించేది బ్యాంకు రికార్డులో ఉన్న అసలు పేరే. మనం కాంటాక్టుల్లో సేవ్ చేసుకున్న పేరు కాదు.

ఇది వ్యాపారికి వెనకనుంచి ఒక చిక్కు కూడా తెస్తుంది. కస్టమర్‌కు మీరు "ఫలానా చేనేత వస్త్రాలు"గా తెలుసు. తిరిగి పంపేటప్పుడు తెరమీద మీ ఇంటిపేరుతో సహా అసలు పేరు కనిపిస్తుంది. "ఇదెవరో" అని ఆవిడ ఆగిపోతారు. ఆగడం మంచిదే. కాబట్టి ఏ పేరు కనిపిస్తుందో మెసేజ్‌లోనే చెప్పేయాలి.

మోసగాళ్ల మెసేజ్‌లా ఉండకుండా

ఇలాంటి మెసేజ్ ఒకటి ఊహించుకోండి: "మేడం పొరపాటున మీకు డబ్బులు రెండుసార్లు వచ్చాయి, చాలా అర్జంట్, ఈ నంబరుకి పంపించండి, ఇది మా తమ్ముడిది, నా ఫోన్‌పే పనిచేయట్లేదు." రాసినావిడ నిజాయితీపరురాలే. కానీ ఇందులో ఏ మాటా బాగాలేదు. తొందర పెట్టడం, కొత్త నంబరు ఇవ్వడం, మూడో మనిషి ఖాతా చూపించడం, సరిచూసుకోవడానికి ఒక్క అంకె కూడా ఇవ్వకపోవడం, ఇవన్నీ మోసం గుర్తులే.

మోసం రెండు రకాలుగా నడుస్తుంది. మొదటి రకంలో డబ్బు అసలు రాదు. బ్యాంకు నుంచి వచ్చినట్టు కనిపించే ఒక దొంగ ఎస్సెమ్మెస్ వస్తుంది, దాన్ని చూసి "2,000కు బదులు 20,000 పడ్డాయి" అని ఫోన్ చేసి ఏడుస్తారు. అసలు బ్యాంకు ఎస్సెమ్మెస్ మామూలు పదంకెల ఫోన్ నంబరు నుంచి రాదు, అక్షరాలతో ఉన్న హెడర్ నుంచి వస్తుంది. అయినా ఎస్సెమ్మెస్‌ను నమ్మే పని లేదు, స్టేట్‌మెంటు చూసుకుంటే తేలిపోతుంది.

రెండో రకం ఇంకా లోతైనది. డబ్బు నిజంగానే వస్తుంది. కానీ అది ఎవరి దగ్గరో కొట్టేసిన డబ్బు. "పొరపాటున వచ్చింది, ఈ ఇంకో ఖాతాకు పంపండి" అంటారు. మీరు పంపేస్తారు. అసలు బాధితుడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టగానే డబ్బు వెళ్లిన దారి వెంట పోలీసులు, బ్యాంకులు వస్తారు. దారిలో మీ ఖాతా ఉంటుంది. ఆ మొత్తం మీదో, ఒక్కోసారి ఖాతా మొత్తం మీదో నిలుపుదల పడుతుంది. విడిపించుకోవడానికి వేరే ఊరి సైబర్ పోలీసు స్టేషన్‌కు ఉత్తరాలు రాసుకోవాలి. వచ్చిన డబ్బు వచ్చిన ఖాతాకే వెనక్కి వెళ్తే ఈ పేచీ చాలావరకు ఉండదు. కాబట్టి కస్టమర్‌గా పాటించాల్సిన నియమం ఒక్కటే: ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే పంపాలి, ఎవరు ఎంత బతిమాలినా సరే. వ్యాపారి కూడా అదే అడగాలి. మీ ఫోన్‌పే పనిచేయకపోతే పనిచేసేదాకా ఆగండి, తమ్ముడి నంబరు మాత్రం ఇవ్వకండి.

ఎలా తిరిగి పంపించమని అడగాలన్నదీ ముఖ్యమే. కొందరు వ్యాపారులు సులువుగా ఉంటుందని కలెక్ట్ రిక్వెస్టు పంపేవారు, అటువైపు పిన్ కొడితే చాలని. వ్యక్తుల మధ్య ఆ సదుపాయాన్ని మోసాల వల్లే 2025 అక్టోబరు నుంచి ఎన్‌పీసీఐ ఆపేసింది. కొత్త క్యూఆర్ బొమ్మ, లింకు కూడా పంపొద్దు. కస్టమర్ తన యాప్‌లో మీ నుంచి డబ్బు వచ్చిన ఎంట్రీని తెరిస్తే, అక్కడినుంచే మీకు పంపే వీలుంటుంది. ఆ దారిలో వెళ్తే నంబరు కొత్తగా టైపు చేసే పని ఉండదు, తప్పు మనిషికి పోయే భయమూ ఉండదు. గేట్‌వే ద్వారా వెళ్లిన రీఫండు అయితే ఈ దారి పనిచేయదు. ఆ సొమ్ము గేట్‌వే కంపెనీ ఖాతా నుంచి వచ్చి ఉంటుంది, దానికి వెనక్కి పంపలేరు. అలాంటప్పుడు గేట్‌వే రీఫండును అలా ఉండనిచ్చి, మీరు సొంత ఫోన్ నుంచి చేసిన యూపీఐ బదిలీనే వెనక్కి అడగండి.

ఇక మెసేజ్. ఆర్డరు మాట్లాడుకున్న పాత వాట్సాప్ చాట్‌లోనే పంపాలి. చీర ఫొటోలు, అడ్రసు, కొరియర్ రసీదు, "రాలేదండీ" అన్న మాట, భర్త క్యూఆర్, అన్నీ పైనే ఉంటాయి. మిమ్మల్ని గుర్తుపట్టడానికి అంతకంటే మంచి ఆధారం లేదు.

> నమస్తే మేడం. గళ్ల అంచు మంగళగిరి చీర రీఫండు గురించి రాస్తున్నాను. మీకు రావాల్సింది 2,350. నా వైపు పొరపాటు వల్ల రెండుసార్లు వెళ్లింది.
>
> 1) మంగళవారం 9వ తేదీ, సా. 7:42, మీ ఫోన్ నంబరుకు: 2,350. యూటీఆర్ 616012304471
> 2) అదే రోజు, సా. 7:56, మీరు పంపిన సార్ క్యూఆర్‌కు: 2,350. యూటీఆర్ 616012309026
>
> మొదటిది అప్పుడు పెండింగులో పడి, రాత్రి పూర్తయింది. అందుకే మీకు వెంటనే కనిపించి ఉండదు. ఈ రోజు సాయంత్రం దాకా నా బ్యాంకు స్టేట్‌మెంటు చూశాను, ఏదీ వెనక్కి రాలేదు.
>
> తీరిక చూసుకుని మీ ఖాతా, సార్ ఖాతా రెండిటి స్టేట్‌మెంట్లలో ఈ నంబర్లు చూడండి. రెండూ ఉంటేనే ఒక 2,350 వెనక్కి పంపండి. ఒకటే ఉంటే ఏమీ పంపకండి, నాకు చెప్పండి, నేను బ్యాంకులో అడుగుతాను.
>
> పంపేటప్పుడు కొత్త నంబరు ఏదీ వాడొద్దు. మీకు నా నుంచి డబ్బు వచ్చిన ఎంట్రీ మీద నొక్కి దానికే పంపండి. తెరమీద బ్యాంకు రికార్డులో ఉన్న నా పేరు కనిపిస్తుంది, కొరియర్ కవరు మీద పంపినవారి పేరు అదే. అనుమానంగా ఉంటే నాకు ఈ నంబరుకే ఫోన్ చేయండి.
>
> ఇబ్బంది పెట్టినందుకు ఏమనుకోకండి మేడం.

ఇందులో "ఒకటే ఉంటే ఏమీ పంపకండి" అన్న మాట చూడండి. మోసగాడు ఈ మాట రాయలేడు, రాస్తే అతని పని చెడుతుంది. క్షమాపణను చివర్లో ఒక్క వాక్యంతో సరిపెట్టాం. మూడు పేరాల క్షమాపణ రాస్తే అసలు అంకెలు ఎక్కడో మునిగిపోతాయి. గడువు పెట్టలేదు. చట్టం పేరు ఎత్తలేదు. మొదటి మెసేజ్‌లోనే "లీగల్‌గా మీరు ఇవ్వాల్సిందే" అంటే, ఇవ్వాలనుకున్న మనిషి కూడా "చూద్దాంలే" అంటారు. రాత్రి పదకొండింటికి పంపకుండా పగలు పంపడం కూడా మర్యాదలో భాగమే.

డబ్బు తిరిగొచ్చాక, లేదా రాకపోతే

వచ్చిన వెంటనే ఇంకో చిన్న మెసేజ్ పెట్టాలి. ఎంత వచ్చింది, ఏ యూటీఆర్‌తో వచ్చింది, చీర తాలూకు లెక్క పూర్తయింది, మీరు ఇవ్వాల్సింది ఏమీ లేదు. ఈ ఆఖరి మాట కస్టమర్‌కు రసీదు. రేపు ఎవరైనా "మీ ఖాతాలో అదనంగా వచ్చి వెళ్లిన ఈ 2,350 ఏంటి" అని అడిగితే ఆవిడకు చూపించడానికి ఒకటి ఉంటుంది.

కొందరు కస్టమర్లు "ఉండనివ్వండి, ఇంకో చీర తీసుకుంటాను" అంటారు. మంచిదే, కానీ ఏ ఆర్డరులో ఎంత తగ్గిస్తారో అప్పుడే రాతలో పెట్టుకోండి. నెల తర్వాత ఇద్దరికీ గుర్తుండదు. జీఎస్టీ ఉన్న వ్యాపారి ఒక సంగతి చూసుకోవాలి. వాపసు వచ్చిన చీరకు క్రెడిట్ నోటు ఒక్కటే. రెండోసారి వెళ్లిన డబ్బు అమ్మకం వెనక్కి రావడం కాదు, కస్టమర్ నుంచి రావాల్సిన బాకీ. దాన్ని కూడా రీఫండు కింద రాస్తే అమ్మకం లెక్క తక్కువ పడుతుంది.

ఖాతాలో పడ్డ డబ్బు అదే రోజు ఈఎంఐ కింద కట్టయిపోయి కస్టమర్ చేతిలో లేకపోవడం కూడా మామూలే. అలా చెబితే రెండు విడతలుగా తీసుకోవడానికి ఒప్పుకోవడం తెలివైన పని.

జవాబే లేకపోతే? రెండు మూడు రోజులు ఆగి ఒక ఫోన్, తర్వాత ఒక మెసేజ్. అప్పటికీ లేకపోతే యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి ఫిర్యాదు పెట్టండి, మీ బ్యాంకు బ్రాంచిలో రెండు యూటీఆర్‌లతో రాతపూర్వకంగా ఇవ్వండి. ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది, బ్యాంకు తలచుకుంటే వెనక్కి లాగేస్తుందని. లాగదు. పిన్ కొట్టి పంపింది మీరే, అవతలి ఖాతాలో సరిగ్గానే జమైంది. మీ బ్యాంకు అవతలి బ్యాంకుకు రాస్తుంది, వాళ్లు తమ ఖాతాదారును అడుగుతారు, ఆవిడ ఒప్పుకుంటేనే తిరిగొస్తుంది. బ్యాంకు నుంచి ఫోన్ వచ్చాక చాలామంది స్పందిస్తారు, అది వేరే సంగతి. రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్తే ఇంకా ఉపయోగం తక్కువ. అక్కడ చూసేది బ్యాంకు సేవలో లోపం ఉందా అని. ఇక్కడ లోపం బ్యాంకుది కాదు.

చట్టం మాత్రం వ్యాపారి వైపే ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ ప్రకారం పొరపాటున తనకు ముట్టిన డబ్బును అందుకున్న మనిషి తిరిగి ఇవ్వాలి. "మీ తప్పే కదా" అన్న జవాబు దానికి అడ్డురాదు. పొరపాటున వచ్చిందని తెలిసి కూడా దురుద్దేశంతో వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కిందకు వస్తుంది, ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, జరిమానా. అలాగని 2,350 కోసం కోర్టు మెట్లెక్కడం లాభసాటి కాదు. వెనక్కి రాబట్టే దావాకు మూడేళ్ల గడువుంది కాబట్టి తొందరా లేదు. అంత చిన్న మొత్తానికి సరిపోయే దారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. కేసు వేయకముందే అక్కడ ఒక కాగితం మీద దరఖాస్తు ఇస్తే, లోక్ అదాలత్‌కు రమ్మని అవతలివాళ్లకు నోటీసు వెళ్తుంది. కోర్టు ఫీజు ఉండదు. దరఖాస్తుకు జత చేయాల్సినవి స్టేట్‌మెంటులో ఆ రెండు డెబిట్లున్న పేజీ, పైన రాసిన మెసేజ్ ప్రింటు, దాని కింద వచ్చిన జవాబు, లేదా రెండు నీలం టిక్కులు.